పోకెమాన్ ఎమరాల్డ్ కార్ట్రిడ్జ్ అసలుదా, నకిలీదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్ని గేమ్‌లుండగా ఎమరాల్డ్ ఒక్కదాని గురించే ఎందుకు?

గేమ్ బాయ్ అడ్వాన్స్ గేముల్లో నకిలీలు బాగా ఎక్కువగా తిరిగేది పోకెమాన్ కార్ట్రిడ్జ్‌ల్లోనే, అందులోనూ ఎమరాల్డ్ ధర పెరిగిన కొద్దీ దాని నకిలీలూ పెరిగాయి. అమెరికాలో ఇది 2005లో వచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది. దీని డొప్ప పారదర్శకమైన ఆకుపచ్చ ప్లాస్టిక్, లోపల గడియారం కోసం ఒక బ్యాటరీ ఉంటుంది, కాబట్టి విప్పకుండానే సగం కథ కనిపించేస్తుంది. దీని మీద చేయి తిరిగితే మిగతావి సులువు. కింద చెప్పేదంతా అమెరికా వెర్షన్ గురించే, ఎందుకంటే అక్కడి మనవాళ్లు సెలవులకి వస్తూ తెచ్చేదీ, ఇక్కడ ఆన్‌లైన్‌లో చేతులు మారేదీ ఎక్కువగా అదే.

"ఒరిజినలేనా అన్నా?" అని ఫోటో పెడితే ఒక్క మాటలో చెప్పలేరా?

చాలాసార్లు చెప్పలేను. ఎందుకంటే అది ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు: లేబుల్ అసలుదా, డొప్ప అసలుదా, బోర్డు అసలుదా. ఈ మూడింటికీ వేర్వేరు జవాబులు రావచ్చు. అసలు బోర్డు మీద చిరిగిన లేబుల్ పీకేసి కొత్తగా ప్రింట్ చేసింది అంటించినవాళ్లున్నారు. పగిలిన డొప్ప మార్చినవాళ్లున్నారు. అన్నిటికంటే పెద్ద మోసం ఏంటంటే అసలు డొప్పలో నకిలీ బోర్డు పెట్టి అమ్మడం. డబ్బు పోయాల్సింది బోర్డుకి, కానీ ఫోటోలో కనిపించేది లేబుల్. అమ్మేవాడికి ఈ తేడా బాగా తెలుసు.

అందుకే ఎవరైనా ముందువైపు ఫోటో ఒక్కటే పెడితే నేను వెనకవైపు ఒకటి, కింద కాంటాక్టుల దగ్గర ఒకటి, వెలుతురుకి అడ్డం పెట్టి ఒకటి అడుగుతాను. "టైమ్ లేదు బ్రో, కావాలంటే తీసుకో" అన్నాడంటే అక్కడితో వదిలేస్తాను.

సరే, లేబుల్ మీద ఏం చూడాలి?

ముందు కోడ్. అమెరికా ఎమరాల్డ్ మీద `AGB-BPEE-USA` అని ఉండాలి. మధ్యలోని నాలుగక్షరాలే గేమ్ గుర్తు, వాటిలో చివరిది భాష లేదా ప్రాంతం. మిగతా పోకెమాన్ గేముల్లో రూబీకి AXVE, సఫైర్‌కి AXPE, ఫైర్‌రెడ్‌కి BPRE, లీఫ్‌గ్రీన్‌కి BPGE. నాసిరకం నకిలీల మీద ఒక గేమ్ బొమ్మ పక్కన ఇంకో గేమ్ కోడ్ ఉండటం నేనే చూశాను, ఎవడో ఫైల్ కాపీ చేసి కోడ్ మార్చడం మర్చిపోయాడన్నమాట. కోడ్ తప్పైతే పని అయిపోయినట్టే. కోడ్ సరిగ్గా ఉందంటే మాత్రం ఏమీ తేలలేదని అర్థం, దాన్ని ఎవరైనా టైప్ చేయగలరు.

తర్వాత ప్రింట్. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లూప్ ఒకటి కొనుక్కోండి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది. ఫోన్ మాక్రో లెన్స్ కూడా పర్వాలేదు. దాంతో బొమ్మని కాదు, అతి చిన్న అక్షరాలని చూడండి. ఫ్యాక్టరీ ప్రింట్‌లో బొమ్మ మొత్తం నాలుగు రంగుల చుక్కలతో వస్తుంది, కానీ నల్ల అక్షరాలని విడిగా ఒక్క నల్ల సిరాతోనే వేస్తారు, కాబట్టి అక్షరం అంచు కత్తితో కోసినట్టుంటుంది. నకిలీవాడి దగ్గర అసలు ఫైల్ ఉండదు. వాడు ఒక కార్ట్రిడ్జ్‌ని స్కాన్ చేసి మళ్లీ ప్రింట్ కొడతాడు, అప్పుడు అక్షరాలు కూడా బొమ్మలో భాగమైపోయి ఎరుపు, నీలం, పసుపు చుక్కలతో తయారవుతాయి. కంటికి నల్లగానే ఉంటుంది, లూప్‌లో చూస్తే అంచులు ఊలు దారంలా రేగి ఉంటాయి. పాత స్కాన్‌లోని చుక్కల మీద కొత్త ప్రింట్ చుక్కలు పడటంతో చదునైన రంగు ఉండాల్సిన చోట అలలలాంటి మచ్చలు కూడా వస్తాయి.

రంగు తేడా గురించి మాత్రం నేను పట్టించుకోను. ఇరవై ఏళ్లు ఎండలో ఉన్న అసలు లేబుల్ వెలిసిపోతుంది, ఫోన్ కెమెరా దాన్ని ఇంకోలా చూపిస్తుంది.

లేబుల్ మీద నొక్కినట్టు రెండంకెలు కనిపిస్తున్నాయి. అంటే ఒరిజినలేనా?

ఆ అంకెలు ఫ్యాక్టరీ గుర్తు. సిరాతో వేసింది కాదు, కాగితం లోపలికి నొక్కుకుని ఉంటుంది, ఒక్కోసారి పక్కన ఒక అక్షరం కూడా ఉంటుంది. లైట్ కింద కార్ట్రిడ్జ్‌ని పక్కకి వంచితేనే కనబడుతుంది. ఒకప్పుడు ఇది ఉంటే అసలుది, లేకపోతే నకిలీ అని అందరం చెప్పేవాళ్లం. ఆ మాట విని నకిలీలు చేసేవాళ్లు కూడా నొక్కడం మొదలుపెట్టారు! ఇప్పుడు అది లేకపోతే అనుమానించండి, ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఒకే అమ్మకందారు దగ్గర నాలుగు ఎమరాల్డ్‌లుండి, నాలుగింటి మీదా ఒకే అంకె ఒకే చోట ఉంటే మాత్రం నవ్వుకుని వచ్చేయండి.

ఆన్ చేస్తే నింటెండో లోగో వస్తోంది, గేమ్ ఆడుతోంది, సేవ్ కూడా అవుతోంది. ఇంకేం కావాలి?

లోగో రావడం దేనికీ రుజువు కాదు. గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆన్ అవగానే కార్ట్రిడ్జ్‌లో ఆ లోగో డేటా ఉందో లేదో చూసి, సరిపోలితేనే ముందుకెళ్తుంది. కాబట్టి నకిలీలో అది లేకపోతే అసలు నడవనే నడవదు. నడిచే ప్రతి నకిలీలోనూ ఆ లోగో ఉంటుంది.

సేవ్ సంగతి కొంచెం వేరు. అసలు ఎమరాల్డ్‌లో సేవ్ కోసం విడిగా ఒక మెగాబిట్, అంటే 128 కిలోబైట్ల ఫ్లాష్ చిప్ ఉంటుంది. ఫ్లాష్‌కి కరెంటు లేకపోయినా డేటా పోదు. చవక నకిలీలో ఆ చిప్ ఖర్చు మిగిల్చుకోవడానికి మామూలు ర్యామ్ పెట్టి బ్యాటరీతో బతికిస్తారు, లేదా గేమ్ కోడ్‌నే మార్చి గేమ్ ఉన్న చిప్‌లోనే ఒక మూలన రాసేస్తారు. మొదటి రకంలో బ్యాటరీ అయిపోయిన రోజు మీ నాలుగు నెలల ఆట గోవిందా. రెండో రకంలో మామూలుగా అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎలైట్ ఫోర్‌ని గెలిచాక హాల్ ఆఫ్ ఫేమ్ సేవ్ అయ్యేటప్పుడు బోల్తా పడేవి ఉన్నాయి. కొనేటప్పుడు షాపులో పది నిమిషాలు ఆడితే ఇవేవీ బయటపడవు.

డొప్ప అతుకులో ఏం తెలుస్తుంది?

రెండు డొప్పలు కలిసే గీత మీద గోరు పెట్టి చుట్టూ ఒకసారి నడిపించండి. అసలుదాంట్లో ఆ గీత అన్నివైపులా ఒకే సన్నగా ఉంటుంది, గోరు ఎక్కడా తట్టుకోదు. నకిలీదాంట్లో ఒకవైపు బిగుతుగా, ఇంకోవైపు కాగితం దూరేంత సందుగా ఉండొచ్చు. అచ్చులోంచి పొంగిన ప్లాస్టిక్ పొర అంచున సన్నని పీచులా మిగిలి ఉంటుంది, దాన్ని రుద్ది తీసేసినా ఆ చోట నిగారింపు పోయి తెల్లగా కనిపిస్తుంది. మూలలు రెండు వేళ్లతో నొక్కండి. కిర్రుమంటూ ఆడిందంటే లోపలి గూళ్లు సరిగ్గా కూర్చోలేదని.

పైన గేమ్ బాయ్ అడ్వాన్స్ అని ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన అక్షరాలుంటాయి కదా, అసలుదాని పక్కన పెడితే నకిలీదాని అక్షరాలు లావుగానో, లోతు తక్కువగానో తెలిసిపోతాయి. పక్కన పోల్చుకోవడానికి ఏదో ఒక అసలు గేమ్ ఉండాలి, పోకెమానే అక్కర్లేదు, చవకగా దొరికే ఏ క్రీడల గేమైనా చాలు. ఆ డొప్ప కూడా అదే కొలతలతో ఉంటుంది.

వెనక ఒకే ఒక్క స్క్రూ. అది మూడు రెక్కల స్క్రూ, ట్రై-వింగ్ అంటారు. మామూలు ప్లస్ స్క్రూ ఉంటే ఎవరో మార్చారు, లేదా మొదటినుంచీ నకిలీయే. మూడు రెక్కలే ఉన్నా ఆ రెక్కల అంచులు గీసుకుపోయి ఉంటే ఇంతకుముందు ఎవరో విప్పారు. విప్పడం తప్పు కాదు, బ్యాటరీ మార్చడానికి విప్పే ఉంటారు. కానీ ఎందుకు విప్పారని అడగండి.

విప్పనివ్వనంటున్నాడు. విప్పకుండా బోర్డు ఎలా చూడాలి?

రెండు దారులున్నాయి. కార్ట్రిడ్జ్‌ని తలకిందులుగా పట్టుకుని, కాంటాక్టులు కనిపించే సందులోకి ఫోన్ టార్చ్ కొట్టండి. బంగారు రంగు కాంటాక్టులు 32 ఉంటాయి. లేబుల్ ఉన్న వైపు నుంచి కొంచెం వంచి చూస్తే ఆ వరుసకి పైన బోర్డు మీద నింటెండో అన్న పేరు కనిపించాలి. చాలా నకిలీల్లో ఆ చోటు ఖాళీ. కొన్నిటిలో పేరుంటుంది కానీ అక్షరాల ఆకారం తేడాగా ఉంటుంది.

రెండోది నాకు ఇష్టమైనది, ఎమరాల్డ్ లాంటి పారదర్శకమైన డొప్పలకే పనికొస్తుంది: వెనకవైపు నుంచి గట్టి వెలుతురుకి అడ్డం పెట్టండి. ఆకుపచ్చ ప్లాస్టిక్‌లోంచి గుండ్రటి బ్యాటరీ నీడ కనిపించాలి. అది CR1616 బటన్ సెల్, 16 మిల్లీమీటర్ల వెడల్పు, మన రూపాయి బిళ్ల కంటే చిన్నది. లేదంటే ఆ బోర్డు ఎమరాల్డ్ బోర్డు కాదు.

విప్పాను. ఇప్పుడు ఏం చూడాలి?

అసలు బోర్డులో మీకు విడివిడిగా కనిపించాల్సినవి నాలుగు. గేమ్ ఉండే పెద్ద చిప్, సేవ్‌కి ఫ్లాష్ చిప్, సమయం చూసే చిన్న చిప్, దానికి లయ అందించే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్. వీటికి తోడు బ్యాటరీ. బోర్డు మీద నింటెండో పేరు, AGB- తో మొదలయ్యే నంబర్ ప్రింట్ అయి ఉంటాయి. సేవ్ చిప్ మీద మాక్రోనిక్స్ గానీ సాన్యో గానీ ఉంటుంది.

ఇక్కడ చిప్ పేరు కంటే దాని రకం ముఖ్యం. నింటెండో గేమ్‌ని మాస్క్ ROMలో పెట్టింది, అంటే తయారీలోనే డేటా చెక్కేసిన చిప్, మళ్లీ రాయడం కుదరదు. నకిలీలు చేసేవాళ్లు ఒక్కో గేమ్‌కి వేలల్లో చిప్‌లు చెక్కించుకోలేరు కాబట్టి మార్కెట్లో దొరికే, మళ్లీ మళ్లీ రాయగలిగే ఫ్లాష్ చిప్‌లు వాడతారు, చాలాసార్లు పాత ఫోన్ల నుంచి పీకినవి. అలాంటి చిప్ మీద పేరు గీకేసి ఉంటే, లేదా చిప్ చుట్టూ అతికించిన జిగురు, చేత్తో పెట్టిన టంకం, పసుపు పచ్చటి ఫ్లక్స్ మరకలు ఉంటే సందేహం అక్కర్లేదు.

చిప్ బదులు నల్లటి తారు బొట్టులాంటి ముద్ద ఉంటే? ఎమరాల్డ్‌లో అది నకిలీ. కానీ ఈ రూల్‌ని పాత గేమ్ బాయ్ గేములకి పట్టుకెళ్లకండి, నింటెండో కొన్ని పాత కార్ట్రిడ్జ్‌ల్లో ఆ ముద్దని తనే వాడింది, టెట్రిస్ కొన్ని ప్రతుల్లో అలాగే ఉంటుంది. దాన్ని నకిలీ అనుకుని పారేస్తే నష్టం మీదే.

ఆన్ చేయగానే బ్యాటరీ అయిపోయిందని మెసేజ్ వస్తోంది. నకిలీయేనా?

ఇదే అన్నిటికంటే ఎక్కువగా అడుగుతారు. మెసేజ్ ఇలా మొదలవుతుంది:

```
The internal battery has run dry.
```

అసలు ఎమరాల్డ్‌కి ఇరవై ఏళ్లు వచ్చాయి, ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, కాబట్టి అసలుదాంట్లో కూడా ఈ మెసేజ్ రావడం మామూలే. అలా వచ్చినా గేమ్ సేవ్ అవుతూనే ఉంటుంది, బెర్రీ చెట్లు పెరగడం లాంటి గడియారంతో ముడిపడినవే ఆగిపోతాయి. గడియారం చిప్ లేని నకిలీలో కూడా ఇదే మెసేజ్ వస్తుంది. ఒకే లక్షణం, రెండు జబ్బులు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి బోర్డే చూడండి. బ్యాటరీ కొత్తగా టంకం వేసి ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఎవరో మార్పించారు, అంతే.

మీరెప్పుడైనా మోసపోయారా?

పోయాను. బాక్స్‌తో సహా ఉన్న ఎమరాల్డ్ ఒకటి ఆన్‌లైన్‌లో తొమ్మిది వేలకి కనిపించింది. ఫోటోలు బాగున్నాయి, లేబుల్ కోడ్ సరిగ్గా ఉంది, నొక్కిన అంకెలున్నాయి. పార్సిల్ వచ్చాక అతుకు మీద గోరు నడిపించాను, ఎక్కడా తట్టలేదు. అక్షరాల అచ్చు కూడా నా దగ్గరున్న రూబీతో సరిపోయింది. ఆ సాయంత్రమంతా సంబరమే, మా చెల్లికి ఫోన్ చేసి మరీ చెప్పాను, చిన్నప్పుడు మేమిద్దరం "కేసెట్" కోసం కొట్టుకున్న రోజులు గుర్తొచ్చి (అప్పటి మన కేసెట్లన్నీ కూడా నకిలీలే అనుకోండి, 9999 ఇన్ 1 అని రాసి లోపల ఏడెనిమిది గేములే ఉండేవి).

పడుకునే ముందు ఊరికే ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూశాను. గుండ్రటి నీడ లేదు. వెనక్కి తిప్పితే స్క్రూ రెక్కలు ఒకవైపు అరిగిపోయి ఉన్నాయి, పొద్దున చూసి కూడా పట్టించుకోలేదు. విప్పితే డొప్ప అసలుదే, లేబుల్ అసలుదే, లోపల మాత్రం బ్యాటరీ లేదు, క్రిస్టల్ లేదు, సగం సైజు బోర్డు మీద ఒక్క చిప్, పక్కన ఎండిపోయిన ఫ్లక్స్. అసలు బోర్డుని ఎవరో తీసుకుని, ఖాళీ డొప్పకి నకిలీ బోర్డు తొడిగారు. లేబుల్, అతుకు రెండూ నిజమే చెప్పాయి, నేను వాటిని బోర్డు గురించి అడిగాను.

అప్పుడు అనుమానం వచ్చి బాక్స్ కూడా లూప్ కింద పెట్టాను. అది కూడా నకిలీయే.

బాక్స్‌లో ఏం చూశారు?

లేబుల్‌కి చెప్పిందే. వెనకవైపు సన్న అక్షరాలు మొత్తం రంగు చుక్కలు. బాక్స్ పెద్దది కాబట్టి ఇక్కడ ఇంకా సులువు, బార్‌కోడ్ గీతలు చూడండి, అసలుదాంట్లో అవి చిక్కటి నలుపు, పునర్ముద్రణలో గీత అంచు గరుకుగా ఉంటుంది.

మడతలు కూడా చెబుతాయి. ఫ్యాక్టరీ డబ్బాకి మడత గీతని యంత్రం ముందే నొక్కి పెడుతుంది, అందుకే మూల సూటిగా ఉంటుంది. ఇంట్లో ప్రింట్ చేసినదాన్ని చేత్తో మడిచినప్పుడు సిరా పగిలి మడత వెంట తెల్లటి పీచు గీత కనిపిస్తుంది. పాత బాక్స్ మూలలు కూడా అరుగుతాయి, కానీ చేయి తగిలే చోట మాత్రమే, నాలుగు అంచులూ ఒకేలా కాదు. లోపల జిగురు వేసిన పట్టీ వంకరగా ఉందా, జిగురు బయటికి కారిందా కూడా చూడండి.

అమెరికా బాక్స్ అయితే నింటెండో ముద్ర చదవండి. 2003 ప్రాంతంలో ఆ ముద్రలోంచి "ఆఫ్ క్వాలిటీ" అన్న మాట తీసేశారు. ఎమరాల్డ్ 2005ది, కాబట్టి దాని మీద "అఫీషియల్ నింటెండో సీల్" అని మాత్రమే ఉండాలి.

కన్సోల్ బాక్స్‌లకి కూడా ఇదేనా? గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ ఒకటి చూస్తున్నాను.

ప్రింట్, మడతలు అంతా ఇదే. ఎస్‌పీతో అదనపు తలనొప్పి ఏంటంటే డొప్పలు మార్చినవి చాలా ఎక్కువ, వెనకున్న స్టిక్కర్ కూడా కొత్తగా ప్రింట్ చేసి అంటిస్తారు. తెర ఎక్కువ వెలుతురుగా ఉండే మోడల్ AGS-101 అని స్టిక్కర్ చూసి ఎక్కువ డబ్బు ఇచ్చేముందు ఆన్ చేసి లైట్ బటన్ నొక్కండి. 101లో వెలుతురు రెండు స్థాయిల్లో మారుతుంది తప్ప పూర్తిగా ఆరదు. నొక్కగానే లైట్ ఆరిపోయిందంటే అది పాత AGS-001 తెరే, స్టిక్కర్ ఏం చెప్పినా సరే.

కంప్యూటర్‌తో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది. GBxCart RW లాంటి రీడర్‌తో, FlashGBX అనే ప్రోగ్రామ్‌తో మీ కార్ట్రిడ్జ్‌లోని డేటాని ఫైల్‌గా తీసుకోవచ్చు. సైజు 16 మెగాబైట్లు వస్తుంది. తర్వాత ఆ ఫైల్‌కి వేలిముద్ర లాంటి వరుసని లెక్కించండి:

```
sha1sum emerald.gba
f3ae088181bf583e55daf962a92bb46f4f1d07b7  emerald.gba
```

అమెరికా ఎమరాల్డ్‌కి రావాల్సింది ఇదే. సేవ్ కోసం గేమ్ కోడ్ మార్చిన నకిలీలో ఒక్క బైట్ తేడా ఉన్నా ఈ వరుస మొత్తం మారిపోతుంది. తేడా వచ్చిందంటే ముందు కాంటాక్టులని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చదివించండి. మురికి వల్ల తప్పు చదివితే ప్రతిసారీ వేరే వరుస వస్తుంది, నకిలీ అయితే ప్రతిసారీ అదే తప్పు వరుస వస్తుంది.

వరుస సరిపోయినా అసలుదని కాదు, గేమ్‌ని మార్చకుండా పెట్టిన మంచి నకిలీలు కూడా ఉన్నాయి. అప్పుడు ఆ చిప్‌ని ఫ్లాష్ చిప్‌లా పలకరించి చూడాలి. తన గుర్తింపు నంబర్ జవాబుగా ఇచ్చిందంటే అది రాయగలిగే చిప్, అంటే మాస్క్ ROM కాదు.

ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లకి ఇవన్నీ పనికొస్తాయా?

బ్యాటరీ సంగతి తలకిందులవుతుంది. వాటిలో గడియారం లేదు, కాబట్టి అసలు ఫైర్‌రెడ్‌లో బ్యాటరీయే ఉండదు. లోపల బ్యాటరీ కనిపించిందంటే అది ర్యామ్‌ని బతికించడానికి పెట్టిందే. డొప్ప కూడా పారదర్శకం కాదు, వెలుతురు చిట్కా పనిచేయదు. మిగతావన్నీ అంతే.

పాత నింటెండో డీఎస్‌లో పెడితే తేలిపోతుందంటారు, నిజమేనా?

కొంతవరకే. డీఎస్, డీఎస్ లైట్‌లో కింద గేమ్ బాయ్ అడ్వాన్స్ స్లాట్ ఉంటుంది. అందులో ఎమరాల్డ్, పైన నేషనల్ పోకెడెక్స్ వచ్చేసిన సేవ్ ఉన్న పోకెమాన్ డైమండ్ లేదా పెర్ల్ పెడితే, మెయిన్ మెనూలో ఎమరాల్డ్ నుంచి పోకెమాన్లని తెచ్చుకునే వరుస రావాలి. అసలుదైతే వస్తుంది. చాలా నకిలీలకి రాదు, కొన్నిటికి వస్తుంది. కాంటాక్టులు మురికిగా ఉంటే అసలుదానికి కూడా రాకపోవచ్చు.

నకిలీ అని తేలింది. ఇప్పుడేం చేయాలి?

మొదట బోర్డు రెండువైపులా ఫోటోలు తీయండి, స్క్రూ తీసే ముందు, తీశాక కూడా. చెల్లింపు చేసిన వేదికలో ఫిర్యాదు గడువు ఉంటుంది, అది దాటకముందే పెట్టండి, "ఫీలింగ్ రావట్లేదు" అని కాకుండా "బ్యాటరీ లేదు, క్రిస్టల్ లేదు" అని రాయండి. నాకు తొమ్మిది వేలల్లో ఆరు వేలు వెనక్కొచ్చాయి, ఆ డొప్ప నా దగ్గరే ఉండిపోయింది. ఎవరైనా డొప్ప పగిలిన అసలు బోర్డు అమ్ముతుంటే చెప్పండి.